టెస్టు తర్వాత పెట్టిన మెసేజ్

పైపు వెల్డింగ్‌లో సగం జీవితం గడిపినవాణ్ణి. అయినా ఏ కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళినా మొదట టెస్టు పెడతారు. నిన్న ఒక యార్డులో పాసయ్యానంటే ఇవాళ పక్క యార్డులో అది చెల్లదు. డాక్టరు ఆసుపత్రి మారినప్పుడల్లా మళ్ళీ ఎవడి పొట్టో కోసి చూపించమంటారా? మమ్మల్ని మాత్రం చూపించమంటారు. కొత్తలో ఒళ్ళు మండిపోయేది. రానురాను పొద్దున్నే పళ్ళు తోముకోవడంలాగ అదీ అలవాటైపోయింది.

కానీ ఈ టెస్టు నాకు మామూలు టెస్టు కాదు. హార్బర్ వైపు ఒక ఫ్యాక్టరీలో పైపులైన్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఒకాయన కొత్తగా పట్టాడు. ఏడాది పొడుగునా పని, నెల నెలా జీతం. మా బామ్మర్ది హార్బర్లో క్రేన్ కింద నిలబడి సిగ్నల్ ఇచ్చే పని చేస్తాడు. ఈ కబురు మోసుకొచ్చింది వాడే.

“బావా, ఈ పని దొరికిందంటే ఇంక పారాదీప్ గీరాదీప్ ఏటీ అక్కర్లేదు. సాయంత్రానికి కంచరపాలెం వొచ్చి మీ ఇంట్లో నీ మంచం మీద పడుకుంతావు” అన్నాడు.

వాడికి తెలుసు నాకేం కావాలో. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాది షట్‌డౌన్ బతుకు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీని కొన్నాళ్ళు ఆపేసి రిపేర్లు చేస్తారు, దేశం నలుమూలల నుంచీ వెల్డర్లని పిలుస్తారు, రాత్రనక పగలనక పని చేయించుకుని పంపేస్తారు. మళ్ళీ ఇంకో ఊరు. మా అమ్మాయి పుట్టినప్పుడు నేను జామ్‌నగర్‌లో ఉన్నాను. పదో తరగతి పాసైనప్పుడు పారాదీప్‌లో. దానికి టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రిలో ఉంటే నేను ఏదో ఊళ్ళో ట్యాంకు లోపల కూర్చుని ఉన్నాను, కబురు అందేసరికి జ్వరం తగ్గిపోయింది. ఇప్పుడది మధురవాడలో డిగ్రీ ఆఖరి ఏడాది. ఇంకొన్నాళ్ళు పోతే ఉద్యోగమో పెళ్ళో, ఏదో ఒకటి దాన్ని తీసుకుపోతుంది. ఈ ఒక్క ఏడాదైనా కూతురితో కలిసి ఒక ఇంట్లో ఉండాలని నా ఆశ. ఆ ఆశకి అడ్డంగా ఒక పైపు ముక్క ఉంది. దాన్ని అతికించి చూపించాలి.

గాజువాక ఆటోనగర్‌లో ఆ కాంట్రాక్టరు యార్డు. రెండు పైపు ముక్కల్ని ఎదురెదురుగా పెట్టి, నేలకి ఏటవాలుగా స్టాండుకి బిగించారు. ఒకసారి బిగించాక ఇక పైపు కదలకూడదు. మనమే దాని చుట్టూ తిరగాలి, వంగాలి, మోకాళ్ళ మీద కూర్చోవాలి, కింద భాగం వచ్చేసరికి మెడ విరుచుకుని పైకి చూస్తూ కాల్చాలి. మొదటి వరసని రూట్ అంటాం, అది ఆర్గాన్ గ్యాస్‌తో వేస్తారు. పైపు లోపలి వైపు అతుకు ఎలా పడిందన్నది ఆ వరసతోనే తేలిపోతుంది. పైన ఎంత అందంగా ముగించినా లోపల తేడా ఉంటే ఎక్స్‌రేలో దొరికిపోతాం. ఆ తర్వాత వరసలు మామూలు రాడ్డుతో. రాడ్లకి చెమ్మ తగలకూడదని చిన్న పొయ్యిలాంటి డబ్బాలో వేడిగా ఉంచి ఒక్కొక్కటే తీసుకోవాలి.

సూపర్‌వైజరు ముప్పై దాటిన మనిషి, మర్యాదస్తుడు, మా ఉత్తరాంధ్రవాడే. మొదటి వరస అవగానే టార్చి పట్టుకుని పైపు లోపలికి తొంగి చూశాడు. తప్పుంటే అక్కడే ఆపేస్తారు, ఆపలేదంటే బాగుందన్నమాటే. సాయంత్రానికి నా పని పూర్తయింది. పైపు మీద నా నంబరు పంచ్ కొట్టించాడు.

“ఎక్స్‌రే రాత్రికి తీత్తారు గురువుగారూ. పిలుము కడిగి సూడాలి. ఫోన్ సేత్తాం మీకు” అన్నాడు.

ఆ ఎక్స్‌రే కిరణాలు మనిషికి మంచివి కావు, అందుకని యార్డులో జనం వెళ్ళిపోయాకే తీస్తారు. మిగిలిందంతా మాకు కనబడకుండా జరిగేదే. నాకు భయం లేదు. నా అతుకు ఎక్స్‌రేలో తప్పి వెనక్కి రావడం అరుదు. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు. నాకు ఇంగ్లీషు రాదు, డబ్బు నిలవదు, కోపం ఆగదు, దేవుడు ఇచ్చిన ఒక్క మంచి వస్తువు ఆ చెయ్యి. దాన్ని చూసుకునే ఇన్నాళ్ళూ తలెత్తుకు తిరిగాను.

ఇక్కడ మా వృత్తి పద్ధతి ఒకటి చెప్పాలి. ఫోన్ చేస్తాం అన్నవాడు చెయ్యడు. మనం చేస్తే ఎత్తడు, ఎత్తితే విసుక్కుంటాడు. అందుకని మావాళ్ళెవరూ ఫలితం నోటితో అడగరు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా కాకుండా పని చొక్కా వేసుకుని, చేత్తో క్యారేజీ కూడా పట్టుకుని, యార్డు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర నిలబడతారు. అంటే, మీరు రమ్మన్న మరుక్షణం గేటు లోపలికి వచ్చేస్తాను అని అర్థం. సూపర్‌వైజరు టీకి వస్తాడు, మనల్ని చూస్తాడు. పని ఉంటే “రేపు ఆధార్ జిరాక్సు, ఫోటోలు పట్టుకు రా, గేట్ పాస్‌కి పెడతాం” అంటాడు. లేకపోతే తన ఫోన్లోకి చూసుకుంటాడు. ఇంత పెద్ద ఊళ్ళో, ఇన్ని ఫ్యాక్టరీల మధ్య, మనిషికి ఉద్యోగం వచ్చిందో రాలేదో తెలిసే మార్గం ఇదీ.

నేనూ వెళ్ళి నిలబడ్డాను. సూపర్‌వైజరు వచ్చాడు, నవ్వాడు, “సూద్దాం గురువుగారూ, ఆపీసు నుంచి రావాలి” అన్నాడు. మర్నాడూ వెళ్ళాను. మర్నాడూ అదే మాట. ఆ పూట క్యారేజీలో అన్నం తీసుకెళ్ళి పార్కు బెంచీ మీద తిని ఇంటికొచ్చాను. మా ఆవిడ క్యారేజీ ఖాళీగా ఉండడం చూసి పని దొరికిందనుకుని మొహం చేటంత చేసుకుంది. ఇంకా ఏదీ తేలలేదని చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను.

ఈలోగా పారాదీప్ నుంచి పాత ఫోర్‌మన్ ఫోన్. షట్‌డౌన్ ఉంది, వస్తావా రావా చెప్పు, రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటాను అని. రెండు రోజులు ఆగమన్నాను. మా ఆవిడ ఆదివారం చర్చిలో ప్రార్థన చీటీ రాసి ఇచ్చింది. పాస్టరుగారు మైకులో “మన సహోదరుడు ఒకరు ముఖ్యమైన పరీక్ష రాశారు, ఫలితం కోసం ప్రార్థన చేద్దాం” అన్నారు. వెనక కుర్చీలో కూర్చున్న ఎవరో మా ఆవిడని, మీ అమ్మాయి గ్రూప్స్ రాసిందా అని అడిగారట. కాదు మా ఆయన పైపు రాశాడని చెప్పలేక నవ్వేసి వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అమ్మాయి ఈ సంగతంతా విన్నది. కాలేజీలో దానికి ప్లేస్‌మెంట్ క్లాసులు జరుగుతున్నాయి. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, ఏం మాట్లాడాలి, అన్నీ నేర్పుతున్నారు.

“టీ కొట్టు దగ్గర నిలబడ్డం ఏటి నాన్నా?” అంది. “టెస్ట్ ఇచ్చిన మనిషి రిజల్ట్ అడగొచ్చు. అది మన హక్కు. మా మేడమ్ చెప్పారు, ఇంటర్వ్యూ అయ్యాక థ్యాంక్స్ చెప్తూ ఒక మెసేజ్ పెట్టాలంట. మనకి ఏం తెలియాలో అది కూడా మర్యాదగా రాసి అడగాలంట. అప్పుడు మనం సీరియస్‌గా ఉన్నామని వాళ్ళకి తెలుస్తాది.”

“మా దగ్గర అలాటివి నడవ్వమ్మా.”

“ఎవరైనా పెట్టి చూశారా?”

ఎవరూ పెట్టి చూడలేదు. పైగా ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పెక్కడుందో నాకు ఆ రోజూ కనబడలేదు, ఈ రోజూ కనబడదు.

నా ఫోన్ తీసుకుని ఇంగ్లీషులో రాసింది. రాసి, ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పింది. టెస్టుకి అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. పైపు నంబరు ఫలానా. ఎక్స్‌రే ఫలితం తెలియజేయగలరు. ఎంపికైతే ఎప్పటినుంచి రావాలో, రోజుకి ఎన్ని గంటల డ్యూటీయో, ఓవర్‌టైము ఎలా ఇస్తారో, పీఎఫ్, ఈఎస్సై మొదటి నెల నుంచే ఉంటాయో లేదో దయచేసి చెప్పగలరు. మీ జవాబు కోసం ఎదురు చూస్తూ ఉంటాను, గౌరవంతో, అని చివర నా పేరు, ఇంటిపేరుతో సహా. నా పేరు ఇంగ్లీషులో అంత పద్ధతిగా నేనెప్పుడూ చూడలేదు. చదువు చెప్పించినందుకు ఇది చాలనిపించింది. మా ఆవిడ కూడా కళ్ళజోడు పెట్టుకుని, అర్థం కాకపోయినా, పైనుంచి కింద దాకా చూసింది.

“పంపించెయ్ నాన్నా” అంది.

నేనే నొక్కాను.

సాయంత్రానికల్లా నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. “చదివారు, బిజీగా ఉండుంటారు” అంది అమ్మాయి. ఆదివారం కూడా చదివాడంటే పని ఖాయమని మా ఆవిడ తేల్చేసింది.

మర్నాడు టీ బడ్డీ దగ్గర నేను నిలబడీ నిలబడక ముందే సూపర్‌వైజరు రోడ్డు దాటుకుని వచ్చాడు. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు. పక్కకి రమ్మన్నాడు. ఆగివున్న లారీ వెనక్కి వెళ్ళాం.

“ఆ మెసేజ్ ఎవులు రాసేరు గురువుగారూ?”

“ఏటైంది సార్?”

“ముందు ఒకటి సెప్తాను ఇనండి. మీ జాయింటు కిలియరు. పిలుము నానే సూసాను. వొంక పెట్టడానికి లేదు. మీ పేరు లిస్టులో పైనే రాసాను.”

నాకు గుండె తేలికైంది, కానీ ఆయన మొహం ఇంకా అలాగే ఉంది.

“మెసేజ్ వొచ్చింది. ఇంగిలీషులో, అంత పొడుగుంది. నాకేటి తెలుసు, కంపెనీ లెటరేమో అనుకొని ఆపీసుకి పంపీసాను. అక్కడ మేనేజరు సదివాడు. నాకు ఫోన్ సేసి, ఈడెవడయ్యా, ఈడి ఎనకాల ఏ యూనియనుంది అని అడిగాడు. డ్యూటీ ఎన్ని గంటలు, పీఎఫ్ ఎప్పుడు కడతావు అని రాతలో అడిగినోడు, రేపు లేబరాపీసుకి కూడా రాతలోనే ఎల్తాడంట. ఇలాటోణ్ని గేటు లోపలికి తెత్తే మిగతావోళ్ళని కూడా పాడు సేత్తాడంట. కొట్టీమన్నాడు పేరు.”

“యూనియనేటి సార్, నాకు ఏ యూనియనూ తెల్దు. మా అమ్మాయి రాసింది. డిగ్రీ సదువుతంది. అదే మాట ఆయనకి సెప్పండి.”

సూపర్‌వైజరు తల అడ్డంగా ఊపాడు.

“అది సెప్తే ఇంకా సెడిపోద్ది. ఇంట్లో రాసిపెట్టేవోళ్ళు కూడా ఉన్నారంటాడు.”

ఆయన అబద్ధం ఆడలేదని నాకు తెలుసు. ఎందుకంటే ఆయనకి నా కళ్ళలోకి చూడడం చాతకాలేదు. “తెలుగులో ఒక ముక్క పెట్టినా నాను మింగీసేవోణ్ని గురువుగారూ” అన్నాడు, అని, టీ తాగకుండానే యార్డులోకి వెళ్ళిపోయాడు.

నాకు వచ్చిన కోపం ఎంతటిదో చెప్పలేను. ఆ పిల్ల అడిగినవి ఏవీ నా సొంత కోరికలు కావు, చట్టంలో ఉన్నవి. పీఎఫ్ ఎగ్గొట్టే ఉద్దేశం లేకపోతే పీఎఫ్ అన్న మాటకి అంత ఉలుకెందుకు? పైపు మీద ఆవగింజంత లోపాన్ని ఎక్స్‌రే తీసి పట్టుకుంటారు, ఆ మేనేజరు లోపల ఏముందో చూడడానికి ఏ ఎక్స్‌రే లేదు. గేటు తోసుకుని వెళ్ళి అడుగుదామనుకున్నాను. సెక్యూరిటీ వాణ్ణి దాటి కూడా పోలేనని తెలిసి ఆగాను. చేతిలో క్యారేజీ ఉంది. దాన్ని విసిరికొట్టాలనిపించింది, మా ఆవిడ తెల్లవారుజామున లేచి వండిందని గుర్తొచ్చి విసర్లేదు.

గాజువాక నుంచి బస్సెక్కాక కోపం దిగిపోయింది. దాని చోట్లో ఇంకోటి వచ్చి కూర్చుంది. ఇంటికెళ్ళి ఏం చెప్పాలి? నిజం చెప్తే ఆ పిల్ల ఏమవుతుంది? తండ్రికి మంచి చేద్దామని మొదటిసారి పెద్దదానిలాగ ఒక పని చేసింది. ఆ పనే తండ్రిని పారాదీప్ పంపిస్తోందని తెలిస్తే జన్మంతా మోస్తుంది. కంచరపాలెం మెట్టు దగ్గర దిగేసరికి ఒక నిర్ణయానికి వచ్చాను.

గుమ్మంలోనే ఎదురయ్యింది. “ఏటన్నారు నాన్నా?”

“ఎక్స్‌రేలో పోయిందమ్మా” అన్నాను.

ఆ ఇంట్లో ఎప్పుడూ అనని మాట అది. నోరు ఎలా తిరిగిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. మా ఆవిడ చేతిలో చీపురు ఆగిపోయింది. ఆవిడకి నా డబ్బు మీద నమ్మకం లేదు గానీ నా అతుకు మీద ఉండేది. అమ్మాయి దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. “పోనీలే నాన్నా. ఒక్కసారి పోతే ఏటైంది? అందరికీ పోతాది” అంది. నేను దాన్ని ఓదార్చడానికి అబద్ధం ఆడితే అది నన్ను ఓదారుస్తోంది. స్నానం వంకతో లోపలికి వెళ్ళి చాలాసేపు మగ్గుతో నీళ్ళు చప్పుడు చేస్తూ కూర్చున్నాను.

అబద్ధం మా గుమ్మం దగ్గరే ఆగుతుందనుకోవడం నా వెర్రి. మా ఆవిడ తమ్ముడికి చెప్పింది. వాడు వచ్చి తలుపు దగ్గరే నిలబడి, “బావా, కళ్ళు సూపించుకో. వయసొచ్చింది, రూట్ కనబడతన్నట్టు లేదు నీకు” అన్నాడు. వాడు హార్బర్లో ఇంకో నలుగురికి చెప్పాడు, చెప్పకుండా ఎందుకుంటాడు, బావ మీద ప్రేమ కదా. వారం తిరక్కుండా నాతో పని నేర్చుకున్న ఒకడు ఫోన్ చేసి, గురువుగారూ, ఇంక ఆర్గాన్ ఒగ్గేసి గేట్లూ గ్రిల్సూ సేసే మామూలు ఫ్యాబ్రికేషన్ సూసుకోండి, మనకి తెలిసిన షాపుంది అని జాలిపడ్డాడు. సరేలే అన్నాను. నాకున్న ఒక్క మంచి వస్తువుని నా నోటితోనే నేను పాడు చేసుకున్నాను. అయినా కూతురు బాగుంది కదా అని సరిపెట్టుకున్నాను. పారాదీప్ ఫోర్‌మన్‌కి వస్తున్నానని చెప్పేశాను.

సరిపెట్టుకున్నది కూడా నిలవలేదు.

ప్రయాణానికి బట్టలు సర్దుకుంటున్నాను. ఫోన్ ముందు గదిలో చార్జింగ్‌లో ఉంది. అమ్మాయి పరిగెత్తుకుని వచ్చింది, మొహం వెలిగిపోతోంది.

“నాన్నా, నీ జాయింట్ పోలేదు. క్లియరంట. ఇదిగో చూడు, ఆ సార్ పెట్టారు.”

వాళ్ళ మేడమ్ ఇంకొకటి కూడా చెప్పిందట. ఎంపిక కాకపోయినా ముడుచుకుపోకూడదు, ఎక్కడ తప్పు జరిగిందో మర్యాదగా అడిగి తెలుసుకోవాలి, అది తర్వాతి పరీక్షకి పనికొస్తుంది అని. నాకు పనికొస్తుందని, ఈసారి నన్ను అడగకుండా తనే పెట్టింది. తెలుగులోనే పెట్టింది. నా అతుకులో లోపం ఎక్కడ వచ్చిందో చెప్తే సరిచేసుకుంటాను సార్ అని. పాపం ఆ సూపర్‌వైజరు, మనసులో ఏం పీకిందో, వెంటనే జవాబిచ్చాడు. జాయింటు క్లియర్ గురువుగారూ, లోపం ఏమీ లేదు, ఎవరన్నారు మీకు, అని.

“వాళ్ళే ఎవరితోనో కన్‌ఫ్యూజ్ అయ్యుంటారు నాన్నా. నువ్వు పాసయ్యావు. పారాదీప్ వెళ్ళక్కర్లేదు. ఉండు, ఎప్పటినుంచి రావాలో అడుగుతాను” అని అక్కడే నిలబడి వేళ్ళు ఆడించడం మొదలెట్టింది.

మూడో మెసేజ్ అది. నేను వెళ్ళి దాని చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. కానీ ఆ పిల్ల తెలివైంది, మళ్ళీ ఎక్కడో అడుగుతుంది, ఎవరో చెప్తారు. మంచం మీద కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. లారీ వెనక ఆయన అన్న మాటలు కూడా చెప్పాను. ఎంత మెత్తగా చెప్దామన్నా ఆ మాటలు మెత్తబడలేదు.

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

“పీఎఫ్ గురించి అడగడం తప్పా నాన్నా?”

“తప్పు కాదమ్మా.”

“డ్యూటీ ఎన్ని గంటలో అడగడం?”

“అదీ తప్పు కాదు.”

“మరి?”

వాడు యజమాని, మనం కాదు, అంతకు మించి ఏం చెప్పినా డొంకతిరుగుడే. “వాళ్ళు మంచోళ్ళు కాదమ్మా, అందరూ అలా ఉండరు” అన్నాను. ఆ మాట నాకే నమ్మకంగా వినబడలేదు. సాయంత్రం నా సంచీలో తనే బట్టలు మడిచి పెట్టింది. మునుపైతే నేను వెళ్తున్నానంటే ఎప్పుడొస్తావని పదిసార్లు అడిగేది. ఆ రోజు అడగలేదు. రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపింది.

పారాదీప్‌లో నాకు టెస్టు పెట్టారు. పాసయ్యాను. రెండు నెలల పని అన్నది సాగి సాగి పెరిగింది. అక్కడ ఉండగానే ఒక సాయంత్రం ఇంటి నుంచి ఫోన్. అమ్మాయికి మధురవాడలోనే ఒక కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. మా ఆవిడ ఆనందంతో మాట్లాడలేక ఫోన్ దానికే ఇచ్చింది. షెడ్డు బయట చప్పుడు లేని చోటికి వెళ్ళి నిలబడ్డాను.

“ఇంటర్వ్యూ ఎలా జరిగిందమ్మా? ఏటడిగారు?”

“బానే అయింది నాన్నా. చివర్లో, మీరేమైనా అడగాలనుకుంటున్నారా అన్నారు.”

ఆ ప్రశ్న కోసమే కదా అది అన్నాళ్ళు క్లాసుల్లో కూర్చుంది. జీతం ఎంత, డ్యూటీ ఎన్ని గంటలు, ఆడపిల్ల రాత్రి షిఫ్టులో ఉంటే ఇంటికి చేర్చే బండి ఇస్తారా, ఎన్ని రాసుకుందో. నాకు ముందే చదివి వినిపించింది కూడా.

“ఏటడిగావు?”

“ఏటీ అడగలేదు నాన్నా. ఏటీ లేదండి, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తానన్నాను. వెంటనే ఓకే చేసేశారు.”

దాని గొంతులో బాధేమీ లేదు. పని సాధించుకొచ్చిన మనిషిలాగే మాట్లాడుతోంది.

“మంచి పని చేశావమ్మా” అన్నాను.